సురాబ్ ఆలీ కుడిచెయ్యి

సురాబ్ ఆలీ వండింది తిన్నవాళ్ళు ఇంగ్లండులోని ఈ ఓల్డమ్‌లో వేలమంది ఉంటారు. ఆయన చేతి ముద్ద తిన్నవాళ్ళు తక్కువ. రెండూ ఒకటి కాదు. హోటల్లో తెల్లవాళ్ళ కోసం ముప్పయ్యేళ్ళు ఆయన వండింది రంగూ మీగడా చక్కెరా కలిసిన ఏదో పదార్థం. దానికి కూర అని పేరు పెట్టి యజమానులు మేడలు కట్టుకున్నారు. సాయంత్రం తలుపులు తెరవకముందు పనివాళ్ళ కోసం వెనక వంటింట్లో చేసేది అసలు వంట. ఎండుచేపల పులుసు, సాతకొరా నిమ్మతొక్క వేసిన మాంసం. పెద్ద పళ్ళెంలో అన్నం కుమ్మరించి, పులుసు పోసి, ఆయనే కుడిచేత్తో కలిపేవాడు. బంగ్లాదేశ్ నుంచి వచ్చి చుట్టూ కూర్చున్న కుర్రాళ్ళకి తలా ఒక ముద్ద పెట్టి, "తినండ్రా, మీ అమ్మలు సిల్హెట్‌లో ఉన్నారు, ఇక్కడ నేనే మీ అమ్మని" అనేవాడు. మా ఆయన ఆ హోటల్లోనే వెయిటరు. మా ఆయన పోయాక కూడా ప్రతి ఈదు పండక్కీ వాళ్ళింట్లో సురాబ్ భాయ్ కలిపిన మొదటి ముద్ద నా కంచంలో పడేది. మేం ఒకే మెట్ల మీద ఎదురెదురు వాటాల్లో ఉంటాం, కింద చీరల కొట్టు.

రెండేళ్ళ కిందట ఆయనకి పక్షవాతం వచ్చింది. ఎడమ కాలు ఈడ్చుకుంటూ కర్రతో నడిచేదాకా వచ్చాడు కానీ, ఎడమచెయ్యి మాత్రం చచ్చుబడిపోయింది. మాట పోలేదు, కుడిచెయ్యి పోలేదు, అదృష్టవంతుడు అన్నారు ఆస్పత్రిలో. పాపం, కాగితంతో తుడుచుకునే జాతి, వాళ్ళకేం తెలుసు? ఎడమచెయ్యి చేసే పని ఏదో, అది కుడిచెయ్యి ఎందుకు చెయ్యకూడదో మనలో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు.

ఇంటికొచ్చిన మొదటి వారమే ఆయన చెంచా అడిగాడు. చెయ్యి వణుకుతోందేమో అనుకుంది ఆయన భార్య ఖైరున్ నెసా. వణుకు లేదు. అదే చేత్తో టీకప్పు తొణక్కుండా పట్టుకుంటున్నాడు. చెంచాతో నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని కంచం జరిపేసేవాడు. ఈదు నాడు పళ్ళెం చుట్టూ అందరం కూర్చుంటే, తల నొప్పిగా ఉందని గదిలోకి వెళ్ళి పడుకున్నాడు. మనిషి సగమయ్యాడు.

ఒకరోజు ఖైరున్ మెట్ల మీద నన్ను ఆపింది. నన్ను ఆఫా, అంటే అక్కా, అనే పిలుస్తుంది.

"ఆఫా, సబ్బు ఎందుకంత త్వరగా అరిగిపోతోందో ఇవాళ తెలిసింది నాకు. ఆయన కుడిచెయ్యి చూశావా? వేళ్ళ సందుల్లో చర్మం పగిలి రక్తం వస్తోంది. కడుగుతూనే ఉన్నాడు, కడుగుతూనే ఉన్నాడు."

"నువ్వు నీళ్ళు పొయ్యకూడదూ? రోగి కదా."

"పోస్తానన్నాను. నువ్వు నా పెళ్ళానివి, నన్ను కన్నదానివి కాదు, బయటికి పో అన్నాడు."

దొడ్డికి వెళితే ఒక చేత్తో బద్నా, అదే కొమ్ముచెంబు, పట్టుకుని నీళ్ళు పోసుకోవాలి, ఇంకో చేత్తో కడుక్కోవాలి. ఇంకో చెయ్యి లేదు. బద్నా తొడల మధ్య ఇరికించుకుని ఆ కుడిచేత్తోనే అంతా కానిస్తున్నాడు. ఆ చేత్తో అన్నం కలపడానికి మనసొప్పక చెంచా పట్టాడు. మసీదు మౌలానాని పిలిపించి చెప్పించింది ఖైరున్. రోగికి మినహాయింపు ఉంది, సబ్బుతో కడిగితే చెయ్యి శుద్ధమే అన్నాడు మౌలానా. సురాబ్ భాయ్ మర్యాదగా విన్నాడు.

"మీ మాట బుర్రకెక్కింది మౌలానా సాబ్. గొంతు దిగడం లేదు" అన్నాడు.

మందుల కొట్టులో దొరికే, నొక్కితే నీళ్ళు చిమ్మే ప్లాస్టిక్ సీసా కూడా తెచ్చిపెట్టింది. రెండు నొక్కులకే ఖాళీ. మళ్ళీ నింపుకోవడానికి లేవాలి, మూత తిప్పాలి, ఒంటిచేత్తో అయ్యే పని కాదు. కావలసింది ఒక్కటే. జెట్ స్ప్రే. కుడిచేత్తో పట్టుకుని పిడి నొక్కితే చాలు, నీళ్ళే పని చేస్తాయి, చెయ్యి తగలక్కర్లేదు. మన ఇళ్ళల్లో సొంతిల్లు ఉన్నవాడెవడికైనా అది ఉంటుంది. మాది అద్దె ఇల్లు. మా ఇంటాయన తొయ్‌ముస్ హాజీ.

తొయ్‌ముస్ హాజీ పరాయివాడు కాదు, అదే మా ఏడుపు. మా సిల్హెట్ జిల్లావాడే, మసీదులో ముందు వరసవాడు. మా వీధిలో ఒక వరస కొట్లూ, వాటి మీద ఇళ్ళూ ఆయనవే. వాళ్ళింట్లో మూడు స్నానాల గదులున్నాయి, మూడింట్లోనూ బంగారు రంగు జెట్ స్ప్రేలున్నాయి. మీలాద్ ప్రార్థనకి పిలిస్తే వెళ్ళి ఈ కళ్ళతో చూశాను. అంతకుముందు ఆస్పత్రివాళ్ళు, కూర్చుని లేవడానికి ఆసరాగా గోడకి ఒక కడ్డీ బిగించుకోమని ఖైరున్‌కి చెప్పారు. ఆవిడ వెళ్ళి అడిగింది.

"కుర్చీలు వేసుకోండి భాబీ, మంచాలు వేసుకోండి, నేను వద్దన్నానా?" అన్నాడాయన. "గోడకి మాత్రం రంధ్రం పడకూడదు. నా పైపుల మీద చెయ్యి పడకూడదు. ఆ టైల్స్ ఇటలీవి."

అవి ఇటలీవైతే నేను రాణిగారి చెల్లెల్ని. చివరికి ఆస్పత్రివాళ్ళే నాలుగు కాళ్ళ ఇనుప చట్రం ఒకటి ఇచ్చారు, కమోడ్ చుట్టూ నిలబెట్టుకోవడానికి.

అందుకే స్ప్రే సంగతి ఆయన్ని అడగద్దనుకున్నాం. అడిగితే వద్దంటాడు. వద్దన్నాక పెడితే ధిక్కారం. అడక్కుండా పెడితే మరిచిపోయాం అనొచ్చు. వీధి చివర పాత్రల కొట్టులో బద్నాలూ నమాజు చాపలూ వేలాడేచోటే స్ప్రేలు కూడా వేలాడుతుంటాయి. ఇద్దరం వెళ్ళాం.

"గోడకి బిగించేదా, తగిలించేదా?" అన్నాడు కొట్టతను.

"గోడ జోలికి పోకూడదు బాబూ. ఇల్లు ఖాళీ చేసేనాటికి ఏమీ జరగనట్టుండాలి" అంది ఖైరున్.

"అద్దె ఇల్లా? అయితే ఇది తీసుకోండి. ఫ్లష్ ట్యాంకు మూత అంచుకి ఈ కొక్కెం తగిలించడమే. ట్యాంకు కింద నీళ్ళు ఎక్కే చోట ఒక నట్టు ఉంటుంది. అది విప్పి, మధ్యలో ఈ మూడు మూతుల టీ ముక్క పెట్టి, మళ్ళీ బిగించెయ్యండి. టీ పక్కమూతికి గొట్టం. వెళ్ళిపోయేటప్పుడు టీ తీసేసి ఆ నట్టు ఎప్పట్లా బిగిస్తే మీరక్కడ ఉన్న ఆనవాలే ఉండదు." టీకి ఉన్న చిన్న మీట అటూ ఇటూ తిప్పి చూపించాడు. "ఆఫా, ఈ ఒక్క మాట మరిచిపోవద్దు. వాడుకున్నాక ప్రతిసారీ ఈ మీట కట్టెయ్యాలి. పిడి వదిలితే నీళ్ళు ఆగుతాయి కదా అని ఊరుకున్నారో, గొట్టం నిండా నీళ్ళు బిగబట్టి ఉంటాయి. ఎప్పుడో ఒకప్పుడు అది పగులుతుంది. పగిలిందంటే ఎవరో ఒకరు కట్టేదాకా ఆగదు."

ఆ మాట ఖైరున్ ఖురాన్ వాక్యంలా నేర్చుకుంది.

బిగించడం ఆడవాళ్ళం ఇద్దరమే చేశాం. సురాబ్ భాయ్ గది బయట నడవాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ట్యాంకుకి వెళ్ళే పైపు మీద స్క్రూ తలకాయలాంటి గాటు ఒకటి ఉంటుంది. ఆ గాటు పైపు వెంబడి ఉంటే నీళ్ళు వస్తున్నట్టు, అడ్డంగా తిప్పితే కట్టినట్టు. ఖైరున్ స్క్రూడ్రైవరుతో అడ్డంగా తిప్పి, ఫ్లష్ నొక్కి ట్యాంకు ఖాళీ చేసింది. నేను నట్టు కింద గిన్నె పట్టాను.

"ట్యాంకు కింద ఆ ప్లాస్టిక్ మెడ గట్టిగా పట్టుకో ఆఫా, నట్టుతోపాటు అది కూడా తిరిగితే లోపల విరుగుతుంది."

"నా మెడే సరిగ్గా తిరగదు, దాని మెడ నేనేం పట్టుకోను?"

"మాట్లాడకు, పట్టుకో."

పానా వేసి తిప్పితే నట్టు వచ్చింది, గిన్నెలోకి దోసెడు నీళ్ళు కారాయి. టీలో రబ్బరు వాషరు కూర్చోబెట్టి మెడకి చేత్తోనే ఎక్కించింది, చివర్లో పానాతో కొంచెం. కింది నట్టుకి కొత్త వాషరు. నేను తెల్ల టేపు చుట్టబోతే చెయ్యి మీద కొట్టింది. వాషరు ఉన్నచోట టేపు వద్దన్నాడట కొట్టతను, అది వాషరుని సరిగ్గా కూర్చోనివ్వదట. నీళ్ళు మెల్లగా వదిలి, ప్రతి అతుక్కీ పొడి కాగితం చుట్టి చూసింది. కింది అతుకు దగ్గర కాగితం తడిసింది. మళ్ళీ కట్టి, వాషరు సర్ది, బిగించింది. ఈసారి తడవలేదు. విప్పగా మిగిలిన పాత వాషరుని కూడా ఒక సంచిలో వేసి దాచింది, తిరిగి ఇచ్చెయ్యాలిగా.

"నలభయ్యేళ్ళు కాపురం చేశాను, నువ్వింత పనిమంతురాలివని చెప్పలేదే" అన్నాడు బయటినించి సురాబ్ భాయ్.

"నువ్వెప్పుడు అడిగావు, ఉప్పు సరిపోయిందా అని తప్ప?"

జనవరి నెల. ఓల్డమ్ నీళ్ళు. ఆయన మొదటిసారి లోపలికి వెళ్ళి పిడి నొక్కగానే, "యా అల్లా, ప్రాణం పోయింది!" అని కేక. మేమిద్దరం వంటింట్లో కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వాం. ఆ తర్వాత మీట సగమే తిప్పడం నేర్చుకుంది ఖైరున్.

మీట దగ్గర ఒక్క చిక్కు వచ్చింది. మా ఇళ్ళల్లో ట్యాంకుకి నీళ్ళెక్కేది కూర్చున్నవాడి ఎడమవైపు, వెనకాల. అంటే ఆయన చచ్చుబడిన వైపు. ఆయనకి అందదు. అందుకని ఆయన వెళ్ళే ముందు ఖైరున్ వెళ్ళి మీట తెరుస్తుంది, ఆయన బయటికి వచ్చాక వెళ్ళి కట్టేస్తుంది. గ్యాస్ పొయ్యి కట్టినంత జాగ్రత్తగా, ఒక్కపూట కూడా తప్పలేదు. లోపల ఉన్నంతసేపూ ఆయన ఒక్కడే. ఆయనకి కావలసింది అదే.

ఆ వారమే నన్ను భోజనానికి పిలిచారు. ఖైరున్ పుల్లపులుసు పెట్టి బోయాల్ చేప వండింది. సురాబ్ భాయ్ చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. చెంచా పెట్టలేదు ఖైరున్, ఆయనా అడగలేదు. అన్నం వైపు చూశాడు. తర్వాత వేళ్ళు దించాడు. పులుసు పోసి మెత్తగా కలిపి, ముల్లు తీసిన చేపముక్క మధ్యలో పెట్టి ముద్ద చేసి, బల్ల మీదుగా వంగి నా కంచంలో పెట్టాడు.

"ఉప్పు?" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. "కొంచెం తక్కువైంది భాయ్‌సాబ్" అన్నాను, మామూలుగా ఉండాలని. ఆ రోజు ఆయన రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

హాజీ ఎప్పుడైనా వస్తానని కబురు చేస్తే ఖైరున్ మీట కట్టి, గొట్టం విప్పి, స్ప్రేతో సహా బకెట్‌లో పెట్టి బట్టలు కప్పేసేది. ఆ మార్చి నెలలో మాత్రం కబురు లేకుండా వచ్చాడు. బాయిలర్ మనిషిని పంపాలి, ముందు ఒకసారి చూసిపోదామని వచ్చానన్నాడు. సురాబ్ భాయ్‌కి మధ్యాహ్నం ఆస్పత్రిలో చూపించుకునే పని ఉంది, తోడు వెళ్ళడానికి నేనూ అక్కడే ఉన్నాను. హాజీకి చక్కెర జబ్బు, కూర్చున్నచోట కాసేపు నిలవలేడు. టీ తాగుతూ లేచాడు.

"ఒక్క నిమిషం" అని నేరుగా స్నానాల గదిలోకి వెళ్ళిపోయాడు.

ఖైరున్ మొహంలో నెత్తురు లేదు. సురాబ్ భాయ్ కర్ర గట్టిగా పట్టుకున్నాడు. ఆ ఇంటి గోడలు అట్టముక్కలు, అన్నీ వినపడతాయి. కాసేపయ్యాక స్ప్రే నీళ్ళ చప్పుడు సుయ్యిమని వినిపించింది. ఒకసారి కాదు, తృప్తిగా, మళ్ళీ మళ్ళీ. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూడకుండా బిస్కెట్ల వైపు చూస్తూ కూర్చున్నాం. కట్టి ఉన్న మీట ఎక్కడుందో వెతుక్కుని తెరిచి మరీ కడుక్కున్నాడు పెద్దమనిషి. అలవాటైన చెయ్యి ఆగుతుందా?

బయటికి వచ్చాడు, చొక్కా చెయ్యి కొంచెం తడిసి ఉంది. మొహం తేలిగ్గా ఉంది.

"మీకు నీళ్ళు బాగా వస్తున్నాయే" అన్నాడు. అంతే. ఒక్క మాట ఎక్కువ అనలేదు.

ఆ మాటని మేం వరం అనుకున్నాం. చూశాడు, వాడుకున్నాడు, ఏమీ అనలేదు, అంటే ఒప్పుకున్నట్టే కదా. పైగా ఆస్పత్రికి బస్సులో ఎందుకు, నా కారులో దింపుతాను పదండి అన్నాడు. సురాబ్ భాయ్ మొహం ఎంత వెలిగిందో చెప్పలేను. "మంచివాడే, మనమే ఊరికే భయపడ్డాం" అని ఖైరున్ చెవిలో అన్నాడు. అందరం హడావిడిగా కోట్లు తొడుక్కుని దిగాం.

పరాయి మగవాడు వాడి వచ్చిన వెంటనే ఇంటి ఆడది ఆ గదిలోకి దూరదు. మాలో అది మర్యాద కాదు. ఆ చెమ్మా ఆ వాసనా ఆరేదాకా ఆగుతాం. ఖైరున్ ఆగింది. హాజీ మీట కట్టి ఉంటాడని కూడా అనుకుని ఉండదు, అసలు ఆ మీట సంగతే తలకి రాలేదు, ఎందుకంటే ఆవిడ లెక్కలో అది సురాబ్ భాయ్ వెనక కట్టేది. హాజీ ఇంట్లో ప్లంబరు గోడలోపల పెట్టిన ఏర్పాటు ఏదో ఉందట, వాళ్ళు ఎన్నడూ ఏదీ కట్టరు.

తిరిగి వచ్చేసరికి చీరల కొట్టు ముందు జనం. కొట్టు పైకప్పు నుంచి ధార. కొట్టతను తడిసిన జామ్‌దానీ చీరలు కౌంటరు మీద పరిచి తల పట్టుకున్నాడు. ఖైరున్ చెప్పులు వదిలేసి మెట్లెక్కింది, వెనక నేను. స్ప్రే తలకాయ దగ్గర గొట్టం ఊడి, పాములా నేల మీద కొట్టుకుంటూ నీళ్ళు చిమ్ముతోంది. మీట పూర్తిగా తెరిచి ఉంది. మేమెప్పుడూ సగానికి మించి తెరవం. ఖైరున్ దాన్ని కట్టేసి, ఆ నీళ్ళలోనే చతికిలబడింది.

"పొద్దున ఆయన వెనక నేను కట్టాను ఆఫా. ఈ చేత్తో కట్టాను."

"నాకు తెలుసు. ఎవరు తెరిచారో కూడా తెలుసు. లే."

హాజీ వచ్చాడు. మెట్ల మీద నిలబడి, కింది కొట్టువాళ్ళందరూ వినేలా మొదలుపెట్టాడు. "నా పైపుల మీద చెయ్యి వెయ్యద్దని చెప్పానా లేదా? దొంగతనంగా ఆ గొట్టం పెట్టమని ఎవరు చెప్పారు మీకు? బీమావాడికి నేనేం చెప్పుకోవాలి? సాటివాళ్ళు కదా అని ఇల్లిస్తే ఇదీ మీ విశ్వాసం."

సురాబ్ భాయ్ కింది మెట్టు మీద కర్ర పట్టుకుని నిలబడ్డాడు, ఎక్కలేక, దిగలేక. ఖైరున్ నా చెయ్యి పట్టుకుని నొక్కింది, వద్దని. నాకు ఆగలేదు.

"హాజీ సాబ్, మేం బయల్దేరే ముందు ఆ గదిలోకి చివర వెళ్ళిందెవరు?"

ఆయన చుట్టూ ఉన్న మగవాళ్ళని ఒకసారి చూసి నవ్వాడు.

"తౌబా తౌబా. భాబీ, మగవాళ్ళు ఎవరు ఎప్పుడు దొడ్డికి వెళ్ళారో మీరు గమనిస్తూ కూర్చుంటారా?"

చీరల కొట్టు ముందు నవ్వులు. నా మొహం మీద పేడనీళ్ళు చల్లినట్టయింది. అరవైరెండేళ్ళ విధవరాలిని, ఆ మాట తర్వాత ఇంకేం మాట్లాడతాను? ఆయన తెలివి అదే. నిజం చెప్పాలంటే సిగ్గు విడవాలి, సిగ్గుపడాల్సింది మాత్రం మేమే.

"తప్పు మాదే భాయ్‌సాబ్" అన్నాడు కింద నుంచి సురాబ్ భాయ్. "ఇవాళే తీసేస్తాం."

"తియ్యకపోతే వచ్చే నెల ఇల్లు ఖాళీ చెయ్యండి. నేను మంచివాణ్ణి కాబట్టి ఈ మాట ముందే చెబుతున్నాను."

కుంటి మనిషిని పెట్టుకుని ఎక్కడికి వెళతారు? కౌన్సిల్ ఇచ్చే చవక అద్దె ఇళ్ళ కోసం వరసలో నిలబడ్డవాళ్ళు నిలబడే ముసలాళ్ళయ్యారు. అల్లుడి ఇల్లు కార్డిఫ్‌లో, అక్కడ పడుకోవడానికే చోటు లేదు. ఖైరున్ ఆ సాయంత్రమే పానా తీసుకుని టీ విప్పింది. దాచిన పాత వాషరు తీసి, పాత నట్టు దాని చోట బిగించి, కాగితం చుట్టి చూసింది. చుక్క కారలేదు. మర్నాడు హాజీ వచ్చి వంగి చూశాడు. గోడ నిమిరాడు.

"చూశారా, ఎంత శుభ్రంగా ఉందో" అన్నాడు.

ఆ రాత్రినుంచి బల్ల మీదికి మళ్ళీ చెంచా వచ్చింది. సబ్బు మళ్ళీ అరగడం మొదలుపెట్టింది. సురాబ్ భాయ్ ఆ సంగతి ఎత్తలేదు. అసలు ఆయన ఎప్పుడూ ఎత్తలేదు, మాతో కానీ మౌలానాతో కానీ నేను ఈ చేత్తో ఇది చేస్తున్నాను అని నోరు తెరిచి ఒక్కసారి కూడా అనలేదు. మేం చూసి తెలుసుకున్నాం, ఆయన మేం తెలుసుకున్నామని తెలుసుకున్నాడు. ఇంకొకళ్ళకి తెలిస్తే చచ్చిపోతాడని ఖైరున్ భయం.

వేసవిలో హాజీ చిన్నకొడుకు పెళ్ళి వచ్చింది. సురాబ్ భాయ్ రానన్నాడు. ఇంటాయన పెళ్ళికి వెళ్ళకపోతే అదొక నేరం అవుతుందని ఖైరునే బతిమాలి బయల్దేరదీసింది, ఇస్త్రీ చేసిన పంజాబీ లాల్చీ తొడిగింది. పెద్ద హాలు, గుండ్రటి బల్లలు, బల్లకి పదిమంది. మా బల్ల దగ్గర పాత హోటలువాళ్ళే ఎక్కువ, ఒకప్పుడు ఆయన ముద్దలు తిన్న కుర్రాళ్ళు, ఇప్పుడు నెరిసిన గడ్డాలు. బిర్యానీ వచ్చింది, రోస్టు కోడి వచ్చింది. అందరూ చేతులు పెట్టారు. సురాబ్ భాయ్ కాగితంలో చుట్టి ఉన్న చెంచా విప్పుకున్నాడు. ఎవరూ చూడనట్టే ఊరుకున్నారు.

హాజీ బల్లబల్లకీ తిరుగుతూ మా దగ్గరికి వచ్చాడు. సురాబ్ భాయ్ చెంచా పెట్టి లేవబోతే, "కూర్చో, కూర్చో" అంటూ ఆయన కుడిచేతిని తన రెండు చేతుల మధ్యా పెట్టుకుని ముసాఫహా చేశాడు. వదల్లేదు. పళ్ళెం వైపు చూసి గట్టిగా నవ్వాడు.

"ఏమయ్యా సురాబ్ ఆలీ! జిల్లా మొత్తానికి అన్నం కలిపి పెట్టిన చెయ్యి ఇది. ఇవాళ నా కొడుకు పెళ్ళిలో చెంచానా? దొరవైపోయావా? పారెయ్యి, పారెయ్యి. చేత్తో తిను, నేను చూడాలి."

బల్ల దగ్గర ఒకరిద్దరు మర్యాదకి నవ్వారు. సురాబ్ భాయ్ చెయ్యి లాక్కోలేదు.

"నా ఎడమచెయ్యి పడిపోయింది కదా భాయ్‌సాబ్" అన్నాడు. గొంతు పెంచలేదు కానీ బల్లంతా విన్నది. "దొడ్డికి వెళ్ళినప్పుడు నేను కడుక్కునేది ఈ చేత్తోనే. స్ప్రే ఉన్నన్నాళ్ళూ ఆ బాధ లేదు. మీరు తీసేయించారు. అందుకని తిండికి చెంచా వాడుతున్నాను."

బిర్యానీ పళ్ళెంలో చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. హాజీ తన చేతుల్లో ఉన్న ఆ చేతి వైపు చూశాడు. వెంటనే వదిలేస్తే బాగుండదు, పట్టుకుని ఉండలేడు. కొంచెం కొంచెంగా వేళ్ళు వదిలించుకున్నాడు. అవతలి బల్లవాళ్ళెవరో పిలిచినట్టు తలూపి, రెండు చేతులూ ఒంటికి తగలకుండా దూరంగా పెట్టుకుని చేతులు కడుక్కునే గది వైపు నడిచాడు.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఖైరున్ వైపు తిరిగాను. ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కుమిలి కుమిలి ఏడుస్తోంది. ఆయన తనతో కూడా అనని మాట, తన చేతులతో బిగించి, తన చేతులతో విప్పి, ఎవరికీ తెలియకుండా కాపాడుకుంటూ వచ్చిన మాట, పదిమంది మధ్య బిర్యానీ మీద పడింది. రేపటికి ఊరంతా తెలుస్తుంది. ఈదుకి ఇంక ఎవరూ ఆయన్ని ముద్ద పెట్టమని అడగరు, ఆయన పెట్టినా తినరు.

సురాబ్ భాయ్ చెంచా తీసుకున్నాడు. అన్నంలో కోడిముక్క చిదుపుకుని, తల వంచుకుని, నెమ్మదిగా తినడం మొదలుపెట్టాడు.